రుజువు చూపకుండా ఖాతాదారుపై నింద మోపిన బ్యాంకు జవాబును ఖండిస్తున్నాం

పట్టణ విశ్రాంత ఉద్యోగుల సంఘం కార్యవర్గ ప్రకటన
14 జూన్ 2024

మా సంఘ సభ్యురాలు, ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైన ఒక ఉపాధ్యాయిని పింఛను ఖాతా నుంచి ఆమెకు తెలియకుండా రూ. 68,200 పోయాయి. ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలని ఆమె పెట్టుకున్న ఫిర్యాదుకు బ్యాంకు రెండుసార్లు జవాబిచ్చింది. రెండింటిలోనూ తప్పు ఆమెదేనని రాసింది కానీ, ఆ తప్పేమిటో, దానికి రుజువేమిటో ఒక్కదానిలోనూ రాయలేదు. ఈ వైఖరిని మా కార్యవర్గం ఏకగ్రీవంగా ఖండిస్తోంది. మేడం గారు ఈ నెల 10న రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులో సంఘం ఆమె పక్షాన నిలుస్తోంది. ఆమె కోరిక మేరకు పేరు వెల్లడించడం లేదు. విషయం విచారణలో ఉన్నందున బ్యాంకు పేరూ ఇక్కడ రాయడం లేదు.

జరిగిందేమిటి

మార్చి 8, మహాశివరాత్రి. మేడం గారు జాగరణకు శివాలయంలో ఉన్నారు. ఫోను చేతిసంచిలో, శబ్దం తగ్గించి ఉంది. రాత్రి 11.38 నుంచి 11.44 లోపు ఆమె డెబిట్ కార్డు మీద ఒక విదేశీ వెబ్‌సైట్‌లో మూడు కొనుగోళ్లు జరిగాయి. రెండు రూ. 24,870 చొప్పున, ఒకటి రూ. 18,460. ఫోనుకు సొమ్ము కట్టయినట్టు మూడు సందేశాలు వచ్చాయి. ఓటీపీ సందేశం ఒక్కటీ రాలేదు. కార్డు ఆ సమయంలో ఇంట్లో బీరువాలో ఉంది.

మర్నాడు తెల్లవారి ఇంటికి వచ్చి ఫోను చూసుకున్న వెంటనే ఆమె బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించారు. ఫిర్యాదు నంబరు తీసుకున్నారు. ఆ తర్వాత సైబర్ నేరాల నంబరు 1930కు ఫోన్ చేసి అక్కడి రసీదు నంబరూ తీసుకున్నారు. ఆ రోజు రెండో శనివారం, మరునాడు ఆదివారం. సోమవారం, 11న బ్రాంచికి వెళ్తే పోలీసు ఫిర్యాదు కాగితం ఉంటే తప్ప ఫారం తీసుకోమన్నారు. ఆ కాగితం చేతికి వచ్చేసరికి గురువారం అయింది. 14న రాతపూర్వక ఫారం ఇచ్చారు.

ఆ పైన నెల రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఏప్రిల్ 22న నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. లావాదేవీలు విజయవంతంగా ఆథరైజ్ అయ్యాయని, కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఖాతాదారు దగ్గర మాత్రమే ఉంటాయి కాబట్టి అవి ఆమె అజాగ్రత్త వల్లే బయటకు వెళ్లాయని, బ్యాంకుకు బాధ్యత లేదని దాని సారాంశం. 29న ఆమె నోడల్ అధికారికి మళ్లీ రాశారు. మే 27న రెండో జవాబు వచ్చింది. మొదటి జవాబులోని మాటలే మళ్లీ రాసి, ఒక కొత్త కారణం మాత్రం చేర్చారు: ఫారం నాలుగో పనిదినాన అందింది కనుక ఆలస్యమైందట.

ఎవరు రుజువు చేయాలి

ఈ వివాదం మొత్తం ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతోంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న, ఖాతాదారు అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను పరిమితం చేస్తూ అన్ని వాణిజ్య బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. అందులో స్పష్టంగా ఉన్న మాట: ఇలాంటి లావాదేవీలో ఖాతాదారుకు బాధ్యత ఉందని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదే.

అంటే తన తప్పేమీ లేదని మేడం గారు నిరూపించుకోనక్కర్లేదు. తప్పు ఆమెదని బ్యాంకు అంటే, దాన్ని బ్యాంకే నిరూపించాలి. బ్యాంకు మాత్రం ఊహను రుజువుగా చూపిస్తోంది. సీవీవీ ఆమె కార్డు మీద ఉంది కాబట్టి ఆమే చెప్పి ఉంటుందనడం, ఇంటికి తాళం వేసి ఉండగా దొంగతనం జరిగితే తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా అని ఇంటివాళ్లను పట్టుకోవడం లాంటిది. కార్డు నంబర్లను యంత్రంతో వరసగా ఊహించి ప్రయత్నించే దొంగలున్నారు. దుకాణదారుల దగ్గర దాచిన వివరాలు బయటపడ్డ సందర్భాలున్నాయి. సీవీవీ అడగని విదేశీ వెబ్‌సైట్లూ ఉన్నాయి. వీటిలో ఏదీ జరగలేదని బ్యాంకు ఎలా తేల్చుకుంది? జవాబులో దాని ఊసే లేదు.

‘విజయవంతంగా ఆథరైజ్ అయింది’ అనే మాట చదివిన సభ్యులు చాలామంది అది ఓటీపీ సరిపోయిందని చెప్పడమే అనుకున్నారు. కాదు. ఆథరైజేషన్ అంటే కార్డు చెల్లుబాటులో ఉంది, ఖాతాలో సొమ్ముంది, ఇవ్వవచ్చు అని బ్యాంకు కంప్యూటర్ దుకాణానికి చెప్పడం మాత్రమే. కొంటున్నది కార్డు యజమానేనా అని తేల్చేది వేరే అంచె. దేశంలోని వెబ్‌సైట్లకు ఓటీపీ వంటి అదనపు అంచె తప్పనిసరి. ఈ కొనుగోళ్లు జరిగిన నాటికి విదేశీ వెబ్‌సైట్‌కు ఆ నిబంధన వర్తించేది కాదు. అందుకే ఓటీపీ రాకుండానే సొమ్ము కట్టయింది.

ఆ అంచె దాటారో లేదో బ్యాంకు రికార్డులోనే ఉంటుంది. ఆన్‌లైన్ కార్డు లావాదేవీకి ఈసీఐ అనే రెండంకెల సూచిక ఒకటి పడుతుంది. మేడం గారిది వీసా కార్డు. దానికి 05 అని ఉంటే కార్డుదారును ధ్రువీకరించారని, 07 అని ఉంటే ధ్రువీకరణ లేకుండానే నడిచిందని అర్థం. ఆ రెండంకెలు బయటపెడితే సగం వివాదం అక్కడే తేలిపోతుంది. మేడం గారు ఏప్రిల్ 29 లేఖలో వాటినే అడిగారు. రెండో జవాబులో వాటి గురించి ఒక్క మాట లేదు. దాచవలసిన అవసరం ఏమొచ్చిందో బ్యాంకే చెప్పాలి.

మూసి ఉండాల్సిన తలుపు ఎవరు తీశారు

ఇంతకంటే బరువైన ప్రశ్న మరొకటి ఉంది. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు కార్డులు జారీ చేసే సంస్థలన్నిటికీ మరో ఆదేశం ఇచ్చింది. కొత్తగా ఇచ్చినా, పాతది మార్చి ఇచ్చినా, కార్డు మొదట దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల్లోని స్వైపింగ్ మిషన్ల దగ్గర మాత్రమే పనిచేయాలి. ఆన్‌లైన్ కొనుగోళ్లు, విదేశీ వాడకం ఖాతాదారు కోరి తెరిపించుకుంటేనే తెరుచుకోవాలి. అలా తెరిచినప్పుడు ఆ మార్పు గురించి ఖాతాదారుకు సందేశమూ వెళ్లాలి.

మేడం గారి కార్డును బ్యాంకు 2022లో మార్చి ఇచ్చింది. ఆమె దాన్ని నెలకోసారి ఏటీఎంలో పింఛను తీసుకోవడానికి తప్ప దేనికీ వాడలేదు. ఖాతా స్టేట్‌మెంటే అందుకు సాక్ష్యం. విదేశీ ఆన్‌లైన్ వాడకం తెరవమని ఆమె ఎన్నడూ కోరలేదు, తెరిచినట్టు సందేశమూ రాలేదు. మరి శివరాత్రి నాడు ఆ తలుపు ఎలా తెరిచి ఉంది? ఎవరు తెరిచారు, ఏ రోజు, ఏ ఫోను నుంచి? ఈ వివరాలు బ్యాంకు సర్వర్‌లో కాక మరెక్కడా ఉండవు.

కార్డు ఇచ్చిన రోజు నుంచే అది తెరిచి ఉంటే లోపం బ్యాంకుదే. 2017 ఆదేశాల ప్రకారం బ్యాంకు లోపం వల్ల నష్టం జరిగితే ఖాతాదారు ఎప్పుడు ఫిర్యాదు చేశారన్న ప్రశ్నే రాదు, ఆమె బాధ్యత సున్నా. అందుకే బ్యాంకు ఈ ప్రశ్నను తప్పించుకుని ఆలస్యం సంగతి ఎత్తుకుందని మా అనుమానం.

ఆలస్యం అన్న మాటలో పస లేదు

ఆ ఆలస్యం లెక్కా నిలవదు. బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మూడో మనిషి వల్ల నష్టం జరిగితే, బ్యాంకు సందేశం అందాక మూడు పనిదినాల్లో తెలియజేసిన ఖాతాదారుపై ఏ బాధ్యతా ఉండదు. సందేశం అందిన రోజును లెక్కలో కలపరు. సందేశం వచ్చింది 8న. 9 రెండో శనివారం, 10 ఆదివారం. కాబట్టి మొదటి పనిదినం 11, మూడోది 13. మేడం గారు హెల్ప్‌లైన్‌కు చెప్పింది 9న, అంటే మొదటి పనిదినం కూడా మొదలుకాక ముందే.

బ్యాంకు మాత్రం ఫారం ఇచ్చిన 14వ తేదీని పట్టుకుని నాలుగో పనిదినం అంటోంది. తెలియజేయడం అంటే బ్రాంచిలో ఫారం ఇవ్వడమే అని ఆదేశాల్లో ఎక్కడా లేదు. వెబ్‌సైట్, ఫోన్, ఎస్సెమ్మెస్, ఈమెయిల్, టోల్‌ఫ్రీ నంబరు వంటి పలు మార్గాల్లో రోజంతా ఫిర్యాదు తీసుకోవాలని బ్యాంకుకే చెప్పారు. ఆమె ఫోన్ చేసినప్పుడు కార్డు బ్లాక్ చేసిందీ, నంబరు ఇచ్చిందీ ఈ బ్యాంకే. 11న తెచ్చిన ఫారాన్ని వెనక్కి పంపిందీ ఈ బ్యాంకే. తానే ఆలస్యం చేసి, ఆలస్యమైందని ఖాతాదారుపై నెపం వేయడాన్ని గట్టిగా ఖండిస్తున్నాం.

పోనీ, వాదన కోసం నాలుగో పనిదినమే అనుకుందాం. అప్పుడు కూడా మొత్తం సొమ్ము పోదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో తెలియజేస్తే మామూలు పొదుపు ఖాతాదారు భరించాల్సింది ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా రూ. 10,000. మూడింటికి కలిపి రూ. 30,000. అలా చూసినా మిగతా రూ. 38,200 బ్యాంకు ఇవ్వాల్సిందే. తన వాదనను తానే నమ్మి ఉంటే ఆ మేరకైనా జమ చేసి ఉండేది.

తప్పు ఎవరిదో తేలకముందే చేయాల్సిన పని కూడా ఒకటుంది. తెలియజేసిన నాటి నుంచి పది పనిదినాల్లో వివాదంలో ఉన్న సొమ్మును ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. ఆ గడువు మార్చి 21తో తీరింది. తొంభై రోజుల్లో ఫిర్యాదును తేల్చి ఖాతాదారు బాధ్యత ఎంతో నిర్ణయించాలి. ఆ గడువూ జూన్ 7తో తీరింది. ఖాతాలో ఇప్పటికీ ఒక్క రూపాయి పడలేదు. ఆమె గడువు దాటిందన్న బ్యాంకు, తాను దాటిన గడువుల మాట ఎత్తదు.

అంబుడ్స్‌మన్ దగ్గరికి ఎందుకు, ఎలా

రెండో జవాబు తర్వాత బ్రాంచిలో ఆమెకు చెప్పిన మాట మరీ విచారకరం. పోలీసు కేసు నడుస్తుండగా అంబుడ్స్‌మన్ తీసుకోరని ఒక అధికారి అన్నారు. ఇది నిజం కాదు. 2021 నవంబరు 12న అమల్లోకి వచ్చిన సమీకృత అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం, అదే నష్టంపై ఖాతాదారు కోర్టులో వేరే దావా వేసి ఉంటే అడ్డు. క్రిమినల్ కేసు గానీ పోలీసు దర్యాప్తు గానీ అడ్డు కాదు. తెలిసి చెప్పినా, తెలియక చెప్పినా, పెద్ద వయసు ఖాతాదారును ఇలా వెనక్కి పంపడం తగదు.

ఆ పథకంలో రుసుము లేదు. ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేసి ఉండాలి. బ్యాంకు తిరస్కరించినా, జవాబు తృప్తిగా లేకపోయినా, ముప్పై రోజుల్లో జవాబే రాకపోయినా వెళ్లవచ్చు. జవాబు వచ్చాక ఏడాది లోపు వెళ్లాలి. ముప్పై రోజులు ఆగకుండా, జవాబూ లేకుండా తొందరపడి వేస్తే మాత్రం ఫిర్యాదు అక్కడే మూసేస్తారు. మేడం గారు cms.rbi.org.in లో స్వయంగా నమోదు చేశారు. ఆ పని రానివారు చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రీకృత ఫిర్యాదుల కేంద్రానికి కాగితం మీద రాసి పంపవచ్చు. న్యాయవాది కాని వ్యక్తికి రాతపూర్వకంగా అధికారమిచ్చి తన తరఫున మాట్లాడించుకోవచ్చు. ఆమె మా కార్యదర్శికి ఆ అధికారం ఇచ్చారు.

ఫిర్యాదు రాసేటప్పుడు మేం ఒక జాగ్రత్త తీసుకున్నాం. అంబుడ్స్‌మన్ ముందు జరిగేది కాగితాలు చూసి తేల్చే క్లుప్త విచారణ. సాక్షులను పిలిచి లోతుగా విచారించాల్సిన వివాదమని తోస్తే తిరస్కరించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది. అందుకని దొంగ ఎవరో తేల్చమని మేం అడగలేదు. అది పోలీసుల పని. ‘ఖాతాదారు తప్పును బ్యాంకు రుజువు చేసిందా’ అన్న ఒక్క ప్రశ్ననే ముందుంచాం. మూడు సందేశాల చిత్రాలు, హెల్ప్‌లైన్ ఫిర్యాదు నంబరు, 1930 రసీదు, ఏడాది స్టేట్‌మెంట్, రెండు జవాబులు, ఏప్రిల్ 29 లేఖ తేదీల వారీగా జతచేశాం. ఫలానా రోజు ఫలానాది జరిగిందని ఒక పేజీలో పట్టిక రాశాం. కోరిందీ స్పష్టంగా రాశాం: మార్చి 8 తేదీ నుంచే లెక్కకు వచ్చేలా రూ. 68,200, పోయిన వడ్డీ, తిరుగుళ్లకూ మనోవేదనకూ తగిన పరిహారం. ఈ చివరిదానికి పథకంలో గరిష్ఠం లక్ష రూపాయలు. అంత అడగలేదు. తిరిగిన రోజులకూ ఖర్చులకూ సరిపడా రూ. 15,000 మాత్రమే అడిగాం.

మా డిమాండ్లు

1. మూడు లావాదేవీల ఈసీఐ సూచికలు, ఓటీపీ పంపి ఉంటే ఏ నంబరుకు, ఎన్ని గంటలకు పంపారో ఆ వివరాలు, విదేశీ ఆన్‌లైన్ వాడకం తెరిచిన తేదీ, తెరిచిన విధానం బ్యాంకు అంబుడ్స్‌మన్ ముందుంచాలి. ఒక ప్రతి మేడం గారికి ఇవ్వాలి.

2. మార్చి 21 నాటికే వేయాల్సిన తాత్కాలిక జమను ఇప్పుడైనా వెంటనే వేయాలి.

3. వీసా నిబంధనల ప్రకారం దుకాణం వైపు బ్యాంకు నుంచి సొమ్ము వెనక్కి రాబట్టే ఛార్జ్‌బ్యాక్ వేశారో లేదో చెప్పాలి. మోసపు లావాదేవీలకు ఆ గడువు 120 రోజులు. జులై మొదటి వారంతో అది ముగుస్తుంది. ధ్రువీకరణ లేకుండా నడిచిన లావాదేవీ అయితే ఆ నష్టం దుకాణం వైపు పడే అవకాశమే ఎక్కువ. వేయకపోతే రేపే వేయాలి. గడువు దాటనిచ్చి, ఇక ఏమీ చేయలేమని తర్వాత చెబితే ఆ నష్టానికి బ్యాంకే బాధ్యత వహించాలి.

4. మా పట్టణంలోని బ్రాంచిలో ఫోన్ ఫిర్యాదు నంబరు చూపిన ఖాతాదారును పోలీసు కాగితం కోసం వెనక్కి పంపడం మానాలి.

బ్రాంచి ఉద్యోగులతో మాకు తగువు లేదు. కౌంటర్ దగ్గర కూర్చున్న ఆ పిల్లలు తమ దగ్గరున్న సమాచారంతోనే మాట్లాడారు. మా ఖండన పై స్థాయిలో కూర్చుని, రికార్డులు చూసే వీలుండి కూడా చూడకుండా, చూసి ఉంటే చెప్పకుండా ఆ నాలుగు వాక్యాలు రాసిన వారిపై. అంబుడ్స్‌మన్ ఉత్తర్వు ఏదైనా గౌరవిస్తాం. తిరస్కరణ వచ్చి, దానిపై అప్పీలుకు వీలుంటే ముప్పై రోజుల్లో అప్పీలు చేస్తాం. అక్కడా న్యాయం దొరక్కపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

సభ్యులకు విజ్ఞప్తి

మీ కార్డులో ఆన్‌లైన్, విదేశీ వాడకం తెరిచి ఉన్నాయో లేదో ఈ వారంలోనే చూసుకోండి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. యాప్ లేనివారు బ్రాంచిలో అడిగి, అక్కర్లేనివి మూయించి, మూసినట్టు వచ్చిన సందేశాన్ని తుడిచేయకుండా ఉంచుకోండి. తెలియని కోత కనిపిస్తే ముందు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబరు, తేదీ, సమయం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ కేసులో మేడం గారి చేతిలో ఉన్న బలమంతా మార్చి 9 ఉదయం ఆమె పాత క్యాలెండర్ వెనుక రాసుకున్న ఆ ఒక్క నంబరే.

ఇలాంటి జవాబు అందుకుని ఊరుకున్న సభ్యులు ఎవరైనా ఉంటే, ఆ జవాబు తేదీ నుంచి ఏడాది దాటకముందే కాగితాలతో సంఘ కార్యాలయానికి రండి. ప్రతి బుధవారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు కార్యదర్శి అందుబాటులో ఉంటారు.

అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి
మరియు కార్యవర్గ సభ్యులు